రికార్డర్ కీచుమనకుండా ఊదడం ఎలా: తరగతిలో ముప్పై మంది పిల్లలతో

"మా పాప ఇంట్లో ఒక్కతే వాయిస్తే బాగానే ఉంటుంది, క్లాసులో అందరూ కలిసి ఊదితే మాత్రం చెవులు చిల్లులు పడుతున్నాయి. ఏం చేయాలి?" తల్లిదండ్రులు అడిగేది ఇదే, కొత్తగా మ్యూజిక్ పీరియడ్ అప్పగించిన టీచర్లు అడిగేదీ ఇదే. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను. ఇది మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా ఉన్న పిల్లలకు, ముఖ్యంగా గుంపుగా నేర్పేవాళ్లకు పనికొస్తుంది. ఇంట్లో ఒక్క పిల్లాడికి నేర్పుతున్నా ఇవే మెట్లు, ఏడోది మాత్రం కాస్త మార్చుకోవాలి.

ముందే ఒక మాట. రికార్డర్ కీచుమంటే దాదాపు ఎప్పుడూ కారణం రెండింట్లో ఒకటి: అవసరానికి మించి ఊదడం, లేదా ఏదో ఒక రంధ్రం పూర్తిగా మూయకపోవడం. వాయిద్యం పాడైపోవడం చాలా అరుదు. క్లాసులో ఈ రెండూ పెరగడానికి ఒకే కారణం ఉంది. పక్కవాడి మోతలో తన స్వరం వినపడక ప్రతి పిల్లాడూ ఇంకాస్త గట్టిగా ఊదుతాడు. వాడి పక్కవాడూ అదే చేస్తాడు. రెండు నిమిషాల్లో గది మొత్తం కీచుల మయం. కాబట్టి మనం నేర్పాల్సిన మొదటి సంగతి వాయించడం కాదు, వాయిస్తూ వినడం.

కావలసినవి

పిల్లలకు ఒక్కొక్కరికీ ఒక సొప్రానో రికార్డర్. కొన్ని దుకాణాల్లో దీన్నే డెస్కంట్ అంటారు, రెండూ ఒకటే. "బిగినర్స్ ఫ్లూట్" అని అడిగితే వేరేదేదో చేతిలో పెడతారు కాబట్టి రికార్డర్ అనే అడగండి. మూడు ముక్కలుగా విడిపోయే ప్లాస్టిక్‌ది చాలు. ముక్కలు ఊడిరానివి, ఆటబొమ్మల దుకాణంలో దొరికేవి వద్దు. వాటిలో శ్రుతి కుదరదు, ఎంత నేర్పినా లాభం ఉండదు. కొనేటప్పుడు "బరోక్ ఫింగరింగ్" అని చెప్పండి. ఎందుకో ఎనిమిదో మెట్టులో వస్తుంది.

టీచర్ దగ్గర రెండు యాప్‌లున్న ఒక ఫోన్ ఉండాలి: ఒకటి తంబూరా లేదా శ్రుతి బాక్స్ యాప్, రెండోది ట్యూనర్ యాప్. ఒక చిన్న స్పీకర్ ఉంటే మంచిది. రికార్డర్ లోపల తుడవడానికి దానితో వచ్చే కడ్డీ, పల్చటి నూలు గుడ్డ ముక్క. ప్రతి రికార్డర్ మీద పేరు రాసిన లేబుల్. ఒకరిది ఇంకొకరు నోట్లో పెట్టుకోకూడదు. స్కూలు రికార్డర్లే వాడుతుంటే ఒకరి నుంచి ఇంకొకరికి ఇచ్చే ముందు గోరువెచ్చని సబ్బునీళ్లలో కడగాల్సిందే. మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ వంగిపోతుంది.

1. జోడించండి, చేతులు సరిచూడండి

తల భాగంలో చదరపు కిటికీలాంటి సందు ఒకటి ఉంటుంది. అదీ, నడిమి ముక్క మీది రంధ్రాల వరుసా ఒకే గీత మీద ఉండాలి. అడుగు ముక్కను మాత్రం కాస్త కుడివైపు, అంటే కుడి చిటికెన వేలు సహజంగా పడే చోటికి తిప్పండి. పిల్లల చిటికెన వేలు పొట్టిది. ఆ ముక్కను నేరుగా ఉంచితే ఆ వేలు అందుకోవడానికి చెయ్యంతా మెలితిరిగి మిగతా వేళ్లు జారతాయి.

ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. ఎడమచేతి వాటం పిల్లలకూ ఇంతే. కొత్త క్లాసులో కొందరు తప్పకుండా తిరగేసి పట్టుకుంటారు. మొదటి రోజే సరిచేయకపోతే రెండు నెలల తర్వాత మార్చడం నరకం. ఎడమ బొటనవేలు వెనకాల ఉన్న ఒంటి రంధ్రం మీద. కుడి బొటనవేలు వెనకాల, ముందువైపు నాలుగో, అయిదో రంధ్రాల నడుమ ఆనించాలి. అది ఏ రంధ్రాన్నీ మూయదు, బరువు మోయడమే దాని పని. ఈ వేలు ఆనించడం మర్చిపోయిన పిల్లలే రికార్డర్ జారిపోతుంటే మిగతా వేళ్లతో గట్టిగా పట్టుకుంటారు.

2. కొస పెదాల మధ్య, పళ్ల మధ్య కాదు

రికార్డర్ కొస పెదాల మధ్య తేలికగా ఉండాలి. పళ్లు తగలకూడదు. కొసను చూస్తే మీకే తెలుస్తుంది: పంటి గాట్లున్న రికార్డర్ పిల్లాడు దవడ బిగించి ఊదుతున్నాడన్నమాట. దవడ బిగిస్తే ఊపిరి కూడా బిగుసుకుని తోసినట్టు వస్తుంది. పెదాలు మూసుకుని ఉన్నాయో లేదో కూడా చూడండి. పక్కల నుంచి గాలి "స్స్" అని పోతుంటే పెదాలు వదులైనట్టే.

3. తల భాగం ఒక్కటే తీసి ఊపిరి నేర్పండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. మొదటి పీరియడ్ మొత్తం దీనికే పోయినా ఫర్వాలేదు.

తల భాగాన్ని ఊడదీయించండి. అడుగున తెరిచి ఉన్న చోట కుడి అరచేయి ఆనించి మూయమనండి. ఇప్పుడు, కళ్లద్దాలు తుడిచే ముందు వాటి మీద ఆవిరి పట్టించినంత మెల్లగా, వెచ్చగా ఊదమనండి. లోతైన, మెత్తని స్వరం ఒకటి వస్తుంది. అరచేయి తీస్తే స్వరం పైకి వెళ్తుంది, ఇంకాస్త తీక్షణంగా ఉంటుంది. మొదట్లో మూసి ఊదడమే చేయించండి.

తర్వాత హద్దులు వెతికించండి. స్వరం వణికి ఆగిపోయేంత తక్కువగా ఊదించండి. మెల్లగా పెంచుతూ పొమ్మనండి. ఒక దగ్గర స్వరం ఉన్నట్టుండి పైకి ఎగిరి కీచుమంటుంది. ఆ క్షణంలో పిల్లలందరూ నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎందుకంటే కీచు అనేది ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లు తమ ఊపిరితోనే తెలుసుకున్నారు. ఇక వణుకుకీ కీచుకీ మధ్య నిలకడగా ఉండే ఊపిరిని నాలుగు లెక్కల పాటు, తర్వాత ఎనిమిది లెక్కల పాటు నిలబెట్టించండి. మొదట్లో గట్టిగా ఉండి చివర్లో వేలాడిపోతే లెక్క తగ్గించండి, ఊపిరి పెంచకండి.

ఇక్కడ రెండు రకాల పిల్లలుంటారు. ఎక్కువ మంది అతిగా ఊదుతారు. కొందరు మాత్రం భయపడి గాలి సరిపోకుండా ఊదుతారు. వాళ్ల స్వరం వణుకుతుంది, శ్రుతి కిందికి దిగుతుంది. "మెల్లగా, మెల్లగా" అని క్లాసంతటికీ అరిస్తే ఈ రెండో రకం పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు. ఎవరికి ఏం చెప్పాలో విడివిడిగా చెప్పండి.

వేణువు నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్లకు ఇక్కడ తికమక అవుతుంది. వేణువులో గాలిని పెదాలతో సన్నగా మలిచి అంచు మీదికి పంపాలి. రికార్డర్‌లో ఆ మలిచే పని లోపలి సన్నటి గాలిదారే చేసేస్తుంది. పెదాలకు ఏ పనీ లేదు, ఎంత ఊదాలన్న లెక్క ఒక్కటే. అందుకే వేణువు అలవాటుతో ఊదితే ఇది కీచుమంటుంది.

4. నాలుకతో స్వరం మొదలుపెట్టించండి

ప్రతి స్వరం నాలుకతో మొదలవ్వాలి, గొంతుతో కాదు. ఇంగ్లిష్ పుస్తకాలు చాలావరకు "టూ" అని చెప్పమంటాయి. మన పిల్లలు దాన్ని మన "ట" లాగే పలుకుతారు: నాలుక కొస వెనక్కి మడిచి అంగిలికి కొట్టి వదులుతారు. దాంతో గాలి ఒక్కసారిగా దూసుకొచ్చి స్వరం మొదట్లోనే "పీక్" అంటుంది. కాబట్టి "దూ" అనమనండి. "దారం"లో ద అన్నప్పుడు నాలుక పై పళ్ల వెనక ఎలా మెత్తగా తాకుతుందో అలా. గాలి ఆగకుండా వస్తూనే ఉండాలి, నాలుక దాన్ని తాకి వదులుతుంది, అంతే.

తల భాగం మీదే "దూ దూ దూ దూ" అని నాలుగు సార్లు ఒకే ఊపిరిలో చేయించండి. నాలుగింటికి నాలుగు ఊపిరులు తీస్తున్న పిల్లల్ని కనిపెట్టడం తేలిక, భుజాలు నాలుగుసార్లు ఎగురుతాయి.

సంగీతం క్లాసుకు వెళ్లే పిల్లలుంటే జంట స్వరాల సంగతి గుర్తు చేయండి. సస రిరి గగ అన్నప్పుడు రెండో స్వరానికి ఎలా చిన్న తాకిడి ఇస్తారో, ఇక్కడ ఆ పని నాలుకది.

5. మొదటి మూడు స్వరాలు: బి, ఎ, జి

ఇప్పుడు మూడు ముక్కలూ కలపండి.

బి: వెనక బొటనవేలు, ముందు మొదటి రంధ్రం మీద చూపుడువేలు.
ఎ: వీటికి తోడు రెండో రంధ్రం మీద మధ్యవేలు.
జి: ఇంకా మూడో రంధ్రం మీద ఉంగరపు వేలు.

మూడూ ఎడమ చేతివే. జిని స అనుకుంటే ఎ రి, బి గ అవుతాయి. గ రి స అని పాడించి, వేళ్లు ఆడించి, ఆ తర్వాతే ఊదించండి.

రంధ్రాన్ని వేలి కొసతో కాదు, కొసకు కాస్త కిందున్న మెత్తటి భాగంతో మూయాలి. వేళ్లు వంకర తిరగకుండా కాస్త చదునుగా ఉంటే మెత్తదనమే రంధ్రం మీద పడుతుంది. సరిగ్గా మూశారా అన్నది చూడటానికి తేలిక పద్ధతి ఒకటుంది: జి పట్టి, కాస్త నొక్కి, అయిదు లెక్కపెట్టి, వేళ్లు తీసి చూసుకోమనండి. ప్రతి వేలి మీదా గుండ్రటి అచ్చు పూర్తిగా పడాలి. చంద్రవంకలా సగమే పడితే ఆ వేలు పక్కకు జరిగి ఉంది. ఎక్కువ మందికి ఈ సగం అచ్చు ఉంగరపు వేలి మీదే కనిపిస్తుంది. ఇది పరీక్ష కోసం మాత్రమే. వాయించేటప్పుడు ఇంత నొక్కక్కర్లేదు. నొక్కితే వేళ్లు బిగుస్తాయి, స్వరం మార్చడం ఆలస్యమవుతుంది.

బొటనవేలి అచ్చు కూడా చూడండి. దాన్ని ఎవరూ చూడరు, కానీ అక్కడ వెంట్రుకంత సందు ఉన్నా స్వరం పైకి ఎగిరిపోతుంది. గోరు పొడుగ్గా ఉంటే కత్తిరించుకోమనండి.

వేణువు పిల్లలకు ఇంకో హెచ్చరిక. గమకం కోసం వేలిని రంధ్రం మీద జార్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. వేలు నేరుగా లేవాలి, నేరుగా పడాలి.

6. సి, డి: ఇక్కడ తొందరపడకండి

పై సి: బొటనవేలు, రెండో రంధ్రం మీద మధ్యవేలు. చూపుడువేలు లేచి ఉంటుంది.
పై డి: మధ్యవేలు ఒక్కటే. బొటనవేలు కూడా తీయాలి.

చాలామంది టీచర్లు బి తర్వాత వరుసగా సి నేర్పుతారు. బి నుంచి సికి వెళ్లాలంటే ఒకే క్షణంలో చూపుడువేలు లేచి మధ్యవేలు పడాలి. పిల్లల వేళ్లు అలా కలిసి కదలవు. మధ్యలో ఒక చిన్న "క్లిక్" లాంటి పిచ్చి స్వరం వస్తుంది. ముప్పై మందిదీ ఒక్కో సమయంలో వస్తే వినలేం. కాబట్టి సిని ఎ నుంచి నేర్పండి. ఎలో చూపుడు, మధ్య వేళ్లు రెండూ ఉన్నాయి కాబట్టి చూపుడువేలు లేపితే చాలు, సి వచ్చేస్తుంది. ఎ సి ఎ సి బాగా కుదిరాకే బి సికి వెళ్లండి.

డిలో బొటనవేలు లేస్తే రికార్డర్‌ను ఆపేది పెదాలు, కుడి బొటనవేలు, మధ్యవేలు మాత్రమే. మొదటి మెట్టులో కుడి బొటనవేలి గురించి అంత చెప్పింది ఇందుకే. తీసిన బొటనవేలు దూరంగా ఎగరకుండా రంధ్రం పక్కనే ఉండాలి.

ఈ అయిదు స్వరాలతో స రి గ మ ప వచ్చేసినట్టే, శంకరాభరణం మొదటి సగం. జంట వరుసలాగా సస రిరి గగ మమ పప, పప మమ గగ రిరి సస చేయించండి. వేళ్లకూ నాలుకకూ ఒకేసారి సాధన అవుతుంది.

7. శ్రుతి పెట్టి గుంపును నిలబెట్టండి

శ్రుతి యాప్‌లో జి పెట్టండి, మన లెక్కలో అయిదు కట్టై. స్పీకర్‌ను గది మధ్యలో ఉంచండి, మోత మరీ పెంచొద్దు. నియమం ఒక్కటే: నీ రికార్డర్ ఊదుతున్నప్పుడు శ్రుతి నీకు వినపడాలి. వినపడకపోతే నువ్వు ఎక్కువ ఊదుతున్నావు, లేదా మనమందరం ఎక్కువ ఊదుతున్నాం. ఈ నియమం పెట్టాక "మెల్లగా" అని పదే పదే చెప్పే పని తప్పుతుంది. పిల్లలు ఒకరినొకరు దాటుకుపోవాలని చూడటం మాని శ్రుతిని పట్టుకోవాలని చూస్తారు.

నలభై నిమిషాల పీరియడ్ అయితే ఇలా నడపండి. మొదటి అయిదు నిమిషాలు రికార్డర్ కొస గడ్డానికి ఆనించి, ఊదకుండా, స్వరాల పేర్లు పాడుతూ వేళ్లు మాత్రమే ఆడించాలి. ఇక్కడే వేళ్ల తప్పులు సగం దొరుకుతాయి, అదీ ప్రశాంతంగా. తర్వాత తల భాగంతో రెండు నిమిషాలు. ఆ తర్వాత అందరూ కలిసి ఊదడం వద్దు. ఆరుగురు చొప్పున అయిదు వరుసలు చేసి ఒక్కో వరుసను ఊదించండి. మిగతావాళ్లు గడ్డం మీద వేళ్లతోనే వాయిస్తుంటారు. ఒక వరుస స్వరం శ్రుతిలో కలిసిందనిపించాక రెండో వరుసను చేర్చండి. ఏ వరుస చేరినప్పుడు శ్రుతి మునిగిపోయిందో అక్కడ ఆపండి. ముప్పై మందీ కలిసి ఊదేది చివరి అయిదు నిమిషాలే.

నేను మాట్లాడుతుంటే రికార్డర్ ఒళ్లో ఉండాలన్న నియమం కూడా మొదటి రోజు నుంచే పెట్టండి. నోటికి దగ్గర్లో రికార్డర్ ఉన్న పిల్లాడు ఊదకుండా ఉండలేడు.

ఇంట్లో ఒక్కరే ఉంటే వరుసల గొడవ లేదు. శ్రుతిని మాత్రం వదలొద్దు.

8. కుడి చెయ్యి: ఇ, డి, ఆ తర్వాతే ఎఫ్

కింది ఇ: జికి నాలుగు, అయిదు రంధ్రాలు చేర్చాలి. కింది డి: ఆరో రంధ్రమూ మూయాలి. ఆరో రంధ్రం నిజానికి రెండు చిన్న రంధ్రాల జంట, రెండూ మూతపడాలి. కింది సికి ఏడో జంటను చిటికెన వేలితో మూయాలి. చిన్న చేతుల పిల్లల్ని సి కోసం బలవంతపెట్టకండి, ఒక ఏడాది ఆగినా కొంపలు మునగవు.

కిందికి దిగేకొద్దీ ఊపిరి తగ్గాలి. పిల్లలు దీనికి సరిగ్గా వ్యతిరేకం చేస్తారు. స్వరం రాకపోయేసరికి గట్టిగా ఊదుతారు, అది పై స్థాయికి ఎగిరి కీచుమంటుంది.

ఎఫ్‌ దగ్గర వాయిద్యం రకం తెలియాలి. 1920ల్లో జర్మనీలో పీటర్ హార్లన్ ఎఫ్ తేలికగా పలికేలా రంధ్రాల కొలతలు మార్చాడు. అదే జర్మన్ ఫింగరింగ్. అందులో ఎఫ్‌కి జి మీద నాలుగో రంధ్రం మూస్తే చాలు. కానీ ఎఫ్ షార్ప్ వంటి స్వరాలు శ్రుతి తప్పుతాయి. బరోక్‌లో ఎఫ్‌కి నాలుగుతో పాటు ఆరు, ఏడు కూడా మూయాలి, అయిదు తెరిచి ఉండాలి. మొదట కష్టమే, తర్వాత అన్ని స్వరాలూ సరిగా వస్తాయి. కలిపి పెట్టుకుంటే మాత్రం గొడవ. ఒకే వేళ్లతో రెండు రకాల మీద ఎఫ్ వాయిస్తే రెండూ కొట్టుకుంటాయి, పిల్లల తప్పేమీ ఉండదు.

ఏది ఏ రకమో చూడటానికి నాలుగు, అయిదు రంధ్రాలు పోల్చండి. అయిదోది చిన్నగా ఉంటే జర్మన్. నాలుగోది చిన్నగా ఉంటే బరోక్. యమహా వాళ్లవైతే YRS-23 జర్మన్, YRS-24B బరోక్. క్లాసులో ఇప్పటికే రెండు రకాలూ ఉంటే కంగారు లేదు. బి, ఎ, జి, సి, డి, కింది ఇ రెండింట్లో ఒకేలా పలుకుతాయి. ఎఫ్ వచ్చే పాటలకు రెండు గుంపులు చేసి వేళ్లు విడిగా నేర్పండి.

కీచు ఎప్పుడు వస్తోందో విని కారణం పట్టండి

స్వరం మొదట్లోనే "పీక్" అని, తర్వాత సర్దుకుంటే: నాలుక గట్టిగా కొడుతోంది. నాలుగో మెట్టుకు వెళ్లండి.

స్వరం మొదటి నుంచి చివరిదాకా పైస్థాయిలోనే పలికితే: ముందు ఊపిరి తగ్గించి చూడండి. తగ్గించినా దిగకపోతే బొటనవేలు లీకవుతోంది.

ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మారేటప్పుడే వస్తే: వేళ్లు కలిసి పడటం లేదు, లేదా ఉన్న వేలు జారుతోంది.

కీచు లేకుండా బొంగురుగా, మూసుకుపోయినట్టు ఉంటే: గాలిదారిలో తడి చేరింది. లంచ్ తర్వాత పీరియడ్ అయితే బిస్కెట్ ముక్కో అన్నం మెతుకో కావచ్చు. రికార్డర్ ముట్టుకునే ముందు నోరు పుక్కిలించమని చెప్పండి.

మూడో రకానికి ఒక ఉదాహరణ. ఒక నాలుగో తరగతి పిల్లాడు బి, ఎ, జి చక్కగా ఊదుతాడు. జి నుంచి ఇకి దిగగానే కీచు. అందరూ వాడి కుడి చేతినే చూస్తారు, కొత్తగా పడిన వేళ్లు అవే కాబట్టి. నిజానికి చాలాసార్లు తప్పు ఎడమ చేతిలో ఉంటుంది. కుడి వేళ్లు పడేటప్పుడు రికార్డర్ కాస్త తిరిగి, ఎడమ ఉంగరపు వేలు మూడో రంధ్రం అంచుకు జరుగుతుంది.

దీన్ని ఇలా పట్టుకోవాలి. పిల్లాడిని ఇ పట్టి మెల్లగా, ఆగకుండా ఊదమనండి. మీరు వాడి ముందు నిలబడి, వాడి వేళ్లను పైనుంచి ఒక్కొక్కటిగా మీ వేలితో మెత్తగా నొక్కుతూ రండి. మొదటి రంధ్రం, మార్పు లేదు. రెండోది, లేదు. మూడోది నొక్కగానే కీచు పోయి లోతైన ఇ పలుకుతుంది. దొంగ దొరికాడు. ఇక ఆ పిల్లాడికి ఇచ్చే సాధన ఇ కాదు: జి ఊదుతూనే కుడి వేళ్లను రంధ్రాల పక్కన, ఒట్టి ప్లాస్టిక్ మీద పెట్టి తీయడం. జి మారకుండా నిలబడ్డాక ఆ వేళ్లను రంధ్రాల మీదికి తెస్తే ఇ వచ్చేస్తుంది. ఈ పరీక్షను పిల్లలు జతలుగా కూడా చేసుకోవచ్చు, ఒకరు ఊదుతుంటే ఒకరు నొక్కడం. వాళ్లకు ఇదంటే మహా సరదా, మీకు సగం పని తప్పుతుంది.

తడి సంగతి

వెచ్చటి ఊపిరి చల్లటి ప్లాస్టిక్‌కు తగిలితే నీటి చుక్కలు చేరతాయి. ఏసీ గదుల్లో, చలికాలం ఉదయాల్లో ఇది ఎక్కువ. క్లాసుకు ముందు తల భాగాన్ని అరచేతుల్లోనో చంకలోనో నాలుగైదు నిమిషాలు పెట్టుకుని వెచ్చబరచమనండి. మధ్యలో మూసుకుపోతే కిటికీని వేలితో తేలికగా మూసి, చప్పుడు రాకుండా గట్టిగా ఒక్క ఊదు ఊదాలి. వేలు కిటికీ అంచును గీకకూడదు, ఆ పల్చటి అంచే స్వరాన్ని పుట్టించేది. పిన్నులు, అగ్గిపుల్లలు గాలిదారిలో పెట్టడం అస్సలు వద్దు.

పదే పదే తడి చేరే ప్లాస్టిక్ రికార్డర్‌కు గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్కను నీళ్లలో పల్చగా కలిపి గాలిదారిలో పోసి, దులిపి, కడగకుండా ఆరనివ్వండి. నీరు చుక్కలు కట్టకుండా పొరలా జారిపోతుంది. ఇది రాత్రిపూట పెద్దవాళ్లు చేయాల్సిన పని.

కుదిరిందో లేదో ఎలా చూడాలి

ట్యూనర్ యాప్ తెరిచి ఒక్కొక్కరితో ఎ ఊదించండి. తెరమీద A5, సుమారు 880 Hz కనిపించాలి. రాతలో ఇది కింది ఎ లాగే ఉంటుంది గానీ సొప్రానో రికార్డర్ ఒక స్థాయి పైన పలుకుతుంది. A6 అని చూపిస్తే స్వరం ఎగిరిపోయింది. వాయిద్యం వెచ్చబడ్డాకే చూడండి, చల్లగా ఉంటే తక్కువ చూపిస్తుంది.

ముల్లు గీతకు పైన ఉంటే ముందు ఊపిరి తగ్గించమనండి. తగ్గిస్తే ముల్లు గీత మీదికి దిగి స్వరం నిలకడగా ఉంటే లోపం ఊపిరిదే. ఊపిరి తగ్గిస్తే స్వరం వణుకుతూ, ముల్లు ఇంకా పైనే ఉంటే వాయిద్యానిది. తల భాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగి మళ్లీ చూడండి. సరైన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెడితే ప్రతిసారీ వెతకక్కర్లేదు. తల భాగం పూర్తిగా లోపలికి ఉన్నా ముల్లు కిందే ఉంటే ఊపిరి కాస్త పెంచాలి.

గుంపు పరీక్షకు యాప్ అక్కర్లేదు. అందరిచేతా జి పట్టించి, మధ్యలో చెప్పకుండా శ్రుతిని ఆపేయండి. శ్రుతి ఆగిందని ఎంతమంది వెంటనే తల ఎత్తి చూస్తారో లెక్కపెట్టండి. తల ఎత్తనివాళ్లు ఇంకా వినకుండానే ఊదుతున్నారు. వాళ్లను మర్నాడు ముందు వరుసలో, స్పీకర్ పక్కన కూర్చోబెట్టి తల భాగం మూసి ఊదే మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టించండి.